దారం లేని ఆట: పెంపుడు పిల్లులకు ఇంటి బొమ్మలు

పెంపుడు పిల్లి ఆట వేటకు మరో రూపమే కాబట్టి, దానిని ఆకర్షించేది బొమ్మ ఆకారం కంటే దాని కదలిక. దారం కట్టి లాగిన వస్తువు ఎలుకలా పరుగెడుతుంది గనుక పిల్లి దాని వెంట పడుతుంది, ఇంట్లోవారూ తేలికగా దారాన్నే ఎంచుకుంటారు. అయితే పిల్లి నాలుక మీద గొంతు వైపు వంగిన ముళ్లవంటి బొడిపెలు ఉంటాయి. వాటికి చిక్కిన దారాన్ని పిల్లి సులభంగా ఉమ్మివేయలేదు, మింగుతూ పోవడమే జరుగుతుంది.

రెడ్డిగూడెం వంటి మెట్ట గ్రామాల్లో దారానికి కొదవ లేదు. పూలమాల దారం, బస్తాల మూతికి వేసిన కుట్టుదారం, పురికొస ప్రతి ఇంట్లోనూ నేల మీద కనిపిస్తాయి. వైద్యుని ముందుకు వచ్చే కేసు సాధారణంగా ఇలా ఉంటుంది: ఏడాది నిండని పిల్లి రెండు రోజులుగా తిండి మానేసి, తాగిన నీటిని కూడా కక్కుకుంటూ, ముడుచుకుని కూర్చుంటుంది. పూలమాల దారంతో ఆడించిన సంగతి ఇంటివారికి అడిగితేగాని గుర్తుకు రాదు. నోరు తెరిచి, దవడ కింది నుంచి బొటనవేలితో నాలుకను పైకి నెట్టి చూస్తే, నాలుక మొదట్లో సన్నని గీతలా దారం కండలోకి దిగి ఉంటుంది. పొట్ట తడిమితే పేగులు ఒకచోట కుచ్చుగా చేరినట్టు తగులుతాయి. దారం ఒక కొస నాలుక కిందో, జీర్ణాశయం చివరో తగులుకుని ఉండగా, పేగు తన సహజ కదలికతో రెండో కొసను ముందుకు తోస్తుంది. ఆ బిగువుకు పేగు లంగా బొందు మీది కుచ్చిళ్లలా మడతలు పడి, దారం రంపంలా ఒరుసుకుని చివరకు పేగు గోడను కోసేస్తుంది. దీనినే వైద్యులు లీనియర్ ఫారిన్ బాడీ, అంటే పొడవాటి పరాయి వస్తువు అంటారు. చాలా కేసుల్లో నాలుక కింది కొసను కత్తిరించి, జీర్ణాశయాన్నీ అవసరాన్ని బట్టి పేగునూ తెరిచి దారం తీయవలసి వస్తుంది. నోటి దగ్గర గానీ మలద్వారం దగ్గర గానీ దారం కొస కనిపిస్తే ఇంటివారు దానిని లాగకూడదు, లాగితే లోపల పేగు తెగవచ్చు. మత్తు ఇచ్చి శస్త్రచికిత్స చేసే వసతి ఉన్న చోటికి వెంటనే చేర్చాలి.

కాబట్టి బొమ్మ చేసేవారు ఆలోచించవలసినది దారం లేకుండా కదలికను ఎలా కల్పించాలన్నది. అందుకు కాగితం ఎంతో అనుకూలమైనది. మామిడి కాయలకు తొడిగే కాగితపు కవర్లు ఈ ప్రాంతపు తోటల ఇళ్లలో మిగులుతుంటాయి. నలిపినప్పుడు అవి చేసే గరగర చప్పుడు ఎండుటాకుల్లో ఎలుక కదిలినట్టే ఉండి పిల్లి చెవులను నిలబెడుతుంది. అయితే కవరు మూతికి బిగించడానికి అంచులో సన్నని తీగ ఉంటుంది, ఆ అంచును పూర్తిగా కత్తిరించి పారేయాలి. కాయకు తొడిగి తీసిన కవరు మీద పురుగుమందు పడి ఉండవచ్చు కాబట్టి వాడనిదే తీసుకోవాలి. దానిని పిల్లి నోట్లో పూర్తిగా ఇమడనంత, అంటే కనీసం నిమ్మకాయంత ఉండగా చుట్టి, గోడకు కొట్టి వెనక్కి దొర్లేలా విసిరితే చాలు. ఆ కవరు దొరకనివారికి పిన్ను తీసేసిన నోటుబుక్కు కాగితం సరిపోతుంది. కాగితాన్ని చీల్చడం ఆటే గానీ, చీల్చిన ముక్కలను మింగే పిల్లికి కాగితపు బొమ్మను దగ్గరుండి ఆడించి, ఆ వెంటనే తీసేయాలి.

దాగిన వేటను వెతికించడం మరో దారి. టేపు, పిన్నులు, ప్లాస్టిక్ పట్టీలు తీసేసిన అట్టపెట్టెకు పిల్లి పంజా దూరేటంత రంధ్రాలు చేసి, లోపల కాగితపు ఉండ వేస్తే, పిల్లి దానిని బయటికి లాగాలని ఎంతోసేపు శ్రమిస్తుంది. పగిలిన గుడ్ల మరకలు లేని, శుభ్రమైన అట్ట గుడ్లట్రేలోని గుంటల్లో ఉడికించిన కోడిమాంసం తునకలను, ఎముకలు తీసేసి, ఒక్కొక్కటి చొప్పున ఉంచితే అది వేటా అవుతుంది, భోజనమూ అవుతుంది. ఆ తరువాత అట్ట తడిస్తే పారేయాలి. రబ్బరు బ్యాండ్లు, జుట్టు బ్యాండ్లు, ఈకలు, గుండీలు, అతికించిన కళ్లు ఉన్న బొమ్మలు మాత్రం ఏ రూపంలోనూ వద్దు.

ఒకే బొమ్మ ఎప్పుడూ ఎదుట ఉంటే పిల్లి దానిని పట్టించుకోవడం మానేస్తుంది. బ్రిటన్‌లో సారా హాల్, జాన్ బ్రాడ్‌షా తదితరులు 2002లో ప్రచురించిన అధ్యయనం, బొమ్మ మార్చగానే పిల్లులు మళ్లీ ఉత్సాహంగా ఆడతాయని చూపింది. అదే బృందం ముందటి పరిశీలనలో ఆకలిగా ఉన్న పిల్లి ఎక్కువ ఆడుతుందని తేలింది. కనుక రెండు మూడు బొమ్మలను పెట్టెలో దాచి, మార్చి మార్చి, తిండికి కొంచెం ముందు ఇవ్వడం మేలు. ఆట ముగిశాక బొమ్మను చేతిలోకి తీసుకుని, ఏ ముక్క తగ్గిందో చూడాలి. ముక్క తగ్గి, ఆ వెనుక పిల్లి వాంతులు చేసుకుంటే, మరుసటి రోజు వరకు ఆగకుండా వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లాలి.