తరాజు మీద అలిగిన దోస్త్‌కు

బెహెన్,

రాత్రి ఇషా తర్వాత నీ వాయిస్ మెసేజ్ విన్నాను. "మూడు వారాలుగా నోరు కట్టుకుంటున్నా, కాంటా కదలడం లేదు. ఇక నా వల్ల కాదు" అన్నావు. నీ గొంతులోని మాయూసీ విని నిద్ర పట్టలేదు. నువ్వు పంపిన కాపీ ఫొటోలు ముందేసుకుని కూర్చున్నాను. నీ లెక్కలే నీకు చదివి వినిపిస్తాను, కాస్త సబర్‌తో విను.

మొదటి నెలలో 78.4 నుంచి 75.6కు వచ్చావు. ఆ తర్వాత ప్రతి శుక్రవారం 75.8, 75.5, 75.7. దీన్ని చూసే కదా నీ దిల్ విరిగింది. కానీ మొదటి నెల దిగిందంతా కొవ్వు కాదు. అన్నం, రొట్టె తగ్గించగానే ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం ఖర్చవుతుంది. దానితో పాటు దానికి మూడింతల నీళ్లు కూడా పోతాయి. అందుకే మొదట్లో కాంటా గబగబా దిగుతుంది. ఆ వేగం ఎప్పటికీ ఉండదు.

ఇప్పుడు అసలు హిసాబ్ చూద్దాం. నీ ప్లాన్‌లో రోజుకు సుమారు 300 కేలరీల లోటు ఉంది. 21 రోజులకు 6,300. కిలో కొవ్వుకు దాదాపు 7,700 అనుకుంటే, మూడు వారాల్లో తగ్గాల్సింది 800 గ్రాములే. ఒంట్లో నీళ్లు ఒక్క రోజులోనే కిలో అటూ ఇటూ అవుతాయి. 800 గ్రాములు దాని వెనక దాక్కోవడం ఎంతసేపు?

నీ కాపీలోనే జాడ ఉంది. మొదటి వారం మెట్లెక్కడం మొదలుపెట్టి "తొడలు పట్టేశాయి" అని రాశావు. కొత్త మెహనత్‌కు నొచ్చిన కండరాలు బాగుపడే దాకా నీళ్లు పట్టి ఉంచుతాయి. రెండో వారం మీ ఖాలా ఇంట్లో వలీమా. బగారా అన్నం, దాల్చా, అచార్. మర్నాడు 76.9. ఒక్క పూటలో కిలోకు పైగా కొవ్వు ఎక్కదు బెహెన్, అది ఉప్పు, అన్నం పట్టుకున్న నీళ్లు. నాలుగు రోజుల్లో దిగిపోయింది కూడా. మూడో వారం నీ నెలసరికి ముందు వారం. చాలామంది ఆడవాళ్లకు అప్పుడు ఒళ్లు బరువెక్కుతుంది.

మూడు వారాలు, మూడు పరదాలు. పరదా వెనక ఏం జరిగిందో నీ టేపు చెప్పింది, నువ్వే పట్టించుకోలేదు. నడుము 96 సెంటీమీటర్ల నుంచి 93.5కు వచ్చింది. సల్వార్ నాడా రెండు వేళ్లు ఎక్కువ బిగించాల్సి వస్తోందని నువ్వే నవ్వుతూ అన్నావు, యాద్ ఉందా?

ఇకపై వారానికి ఒక్కసారి ఎక్కి ఏడవకు. రోజూ పొద్దున్నే, బాత్రూంకు వెళ్లొచ్చాక, చాయ్ తాగకముందు చూసుకుని ఏడు రోజుల సగటు రాయి. ఈ నెల సగటును పోయిన వారంతో కాదు, పోయిన నెల అవే రోజులతో పోల్చు. నడుమును బొడ్డు దగ్గర, ఊపిరి వదిలాక, టేపు బిగించకుండా వారానికోసారి కొలువు.

నెలసరి అయిపోయాక ఇంకో రెండు వారాలు చూసినా సగటు, నడుము రెండూ కదలకపోతే, అప్పుడు వంటింట్లో వెతుకుదాం. ముందుగా నూనె. నీ ప్లాన్‌లో రోజుకు మూడు టీ చెంచాలు, అంటే 15 మిల్లీలీటర్లు. మీ ఇంట్లో నలుగురికి నెలకు మూడు లీటర్ల ప్యాకెట్లు అయితే తలా రోజుకు 25 మిల్లీలీటర్లు. ఆ తేడా దాదాపు 80 కేలరీలు. సాలన్ మీద తేలే తర్రీ ఎవరి ప్లేట్లో పడుతోందో కూడా చూసుకో.

ఒక్కటి మాత్రం చేయకు. "రేపటి నుంచి రాత్రి అన్నం బంద్" అన్నావే, అది వద్దు. నేనూ ఓసారి ఇలాగే జిద్‌కు పోయి రాత్రి ఒక్క రొట్టెకు దిగాను. ఎనిమిదో రోజు రాత్రి పదకొండుకు ఫ్రిజ్ ముందు నిలబడి డబల్ కా మీఠా గిన్నె ఖాళీ చేశాను. విరిగింది ప్లాన్ కాదు, నేనే. అప్పటికే షుగర్, థైరాయిడ్ మందులు వాడుతుంటే మాత్రం తిండి ఇంకా తగ్గించే ముందు డాక్టర్‌ను అడగాలి. నెలసరి తప్పుతున్నా, ఎప్పుడూ అలసటగా ఉన్నా అంతే.

రేపు ఫజర్ తర్వాత టేపు తీసి కొలుచుకో. ఆ నంబర్ నాకు పంపు, కాంటాది కాదు. ఇన్షాఅల్లాహ్, సాయంత్రం మెట్ల దగ్గర కలుద్దాం.

నీ దోస్త్