నేను ఆపేసిన పాట

పోయిన ఎండాకాలం మా జేజినాయన పోయాడు. రాజంపేట దగ్గర మా ఊళ్లో శవం ఇంట్లో ఉన్న రాత్రి తెల్లార్లూ భజన చేస్తారు. ఊరి రామాలయంలో ఇన్నేళ్లూ పాట ఎత్తుకున్నది ఆయనే. ఇప్పుడు ఎవరు ఎత్తుకోవాలి? అందరూ బెంగళూరు నుంచి వచ్చిన నా వైపు చూశారు.

మా దగ్గర ఒకరు ‘ఎత్తుకుంటారు’, మిగతావాళ్లు ‘అందుకుంటారు’. చూడ్డానికి ఈజీ. నేనేమో యూట్యూబ్‌లో నేర్చుకున్న కీర్తన, ఐదో శ్రుతిలో, సంగతులన్నీ వేసి పాడాను. లైన్ అయిపోయింది. తాళాలు మోగుతున్నాయి, గొంతులు మాత్రం లేవు. మా ఆఫీసు భాషలో టైమౌట్.

హార్మోనియం దగ్గరున్న చిన్నాయన మెల్లగా అన్నాడు: “ఏంది అబ్బీ, అంత పైన ఎత్తుకుంటే మేమేడ అందుకుంటాం? దించు. లైను సగానికి తెంచు.”

రెండో శ్రుతికి దించాను. ఒక్క ఊపిరిలో అయ్యేంత ముక్క, సంగతి లేకుండా చెప్పాను. యాభై గొంతులు ఒక్కసారిగా అదే ముక్కను తిరిగి ఇచ్చాయి. వాళ్లు పాడుతుంటే నాకు ఊపిరి తీసుకునే టైం దొరికింది. నేను పాడుతుంటే వాళ్లకు దొరికింది. అంటే అందరం ఒకే లెక్కలో గాలి పీల్చి వదులుతున్నామన్నమాట. 2013లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు కలిసి పాడేవాళ్లను గమనిస్తే, వాళ్ల గుండె వేగం కూడా కలిసే పెరిగి తగ్గింది. దానికి మూలం ఈ ఊపిరేనని చెప్పారు.

పక్కనే తాళ్లపాక. 1408లో అన్నమయ్య పుట్టిన ఊరు. ఆయన కీర్తనల్లోనూ చరణం అయ్యాక పల్లవికే రావాలి. చరణం రానివాడు కూడా అక్కడ కలిసిపోతాడు. వాకిట్లో చెప్పులు విడుస్తున్నవాడు సైతం!

ఇంకో సంగతి ఆ రాత్రే తెలిసింది. వాళ్ల చివరి అక్షరం పూర్తిగా ఆగకముందే నేను తర్వాతి ముక్క అందించాలి. ఆలస్యమైతే ఊపు పడిపోతుంది, తొందరపడితే ముసలివాళ్లు వెనకబడతారు. వేగం పెంచాల్సింది నేను కాదు, డోలక్. అది కూడా అందుకునే గొంతు గట్టిపడ్డాకే. గట్టిపడిందని ఎట్లా తెలుస్తుంది? తాళాల చప్పుడును మాట దాటినప్పుడు.

తెల్లవారుజామున జేజినాయనకు ఇష్టమైన రాముడి పాట ఎత్తుకున్నాను. రెండో చరణం సగంలో గొంతు పూడుకుపోయింది. ఆయన ముఖం ఎదురుగానే ఉంది. మాట రాలేదు.

డోలక్ ఆగలేదు. అందుకోవాల్సినవాళ్లు నేను వదిలేసిన సగాన్ని తామే పాడేసి, పల్లవికి వచ్చేశారు. ఎవరూ నా వైపు చూడలేదు. మా జేజి గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతోంది.

రెండు సార్లు పల్లవి తిరిగింది. మూడోసారి నేనూ వాళ్లతో కలిసి అందుకున్నాను.