ఖాలాకి పుర్సా

మా ఖాలూ ఇంతెకాల్ అయిన మూడో రోజు, జియారత్ నాడు, ఖాలా పక్కన కూర్చుని నేనొక మాట అన్నాను. "పోనీలెండి ఖాలా, ఆయన తక్లీఫ్ తీరిపోయింది. మీకూ ఇక ఆరామ్." మంచికే అన్నాను. ఆమె చేతిలో తస్బీహ్ ఆగిపోయింది. నా వైపు చూడకుండా లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

అంతకుముందు వచ్చినవాళ్లు కూడా దాదాపు అదే అన్నారు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి "మీరు మా జమానా బీబీ రహీమా" అన్నారు. అయ్యూబ్ అలైహిస్సలాం జబ్బుపడి అందరూ వదిలేసినా ఆయన్ని వదలని భార్య కథ మనిళ్లలో ఎవరికి తెలీదు? అది తారీఫే. కానీ ఆ రాత్రి ఖాలా నాతో అంది: "బీబీ రహీమా భర్తకి అల్లాహ్ షిఫా ఇచ్చాడు బేటీ. నాకేమిచ్చాడు?" అన్నాక వెంటనే "అస్తగ్‌ఫిరుల్లాహ్" అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

నెల్లూరు కోటమిట్టలో వాళ్లిల్లు. ఖాలూకి ఫాలిజ్ కొట్టేనాటికి ఆయనకి 61 ఏళ్లు. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి, మాట కూడా పోయింది. ఆ తర్వాత 6 ఏళ్లు మంచం మీదే. చివరి రెండేళ్లు మింగడం కూడా రాక ముక్కులోంచి గొట్టం వేశారు. పిల్లలిద్దరూ మంచివాళ్లే, డబ్బు పంపారు, సెలవు దొరికినప్పుడల్లా వచ్చారు. చేసింది మాత్రం ఖాలా ఒక్కతే.

ఆమె ఏం చేసేదో నాకు పైపైన తెలుసు. వివరంగా తెలిసింది ఆయన పోయాకే, అదీ ఒక రాత్రి.

జియారత్ తర్వాత వారం రోజులు ఆమెకి తోడు పడుకున్నాను. సరిగ్గా రెండు గంటలకి ఆమె లేచి కూర్చుంది. చీకట్లో చెయ్యి పక్కకి చాచి ఏదో వెతికింది. ఆ పక్కన మంచం లేదు. జనాజా వెళ్లిన సాయంత్రమే, వచ్చినవాళ్లకి చోటు కావాలని అబ్బాయిలు అద్దె మంచాన్నీ, గాలి పరుపునీ తీసేయించారు. ఖాలాని ఒక్క మాట అడగలేదు. అడగాలని మాకెవరికీ తోచలేదు.

"పడుకోండి ఖాలా" అనబోయి ఆగాను. అప్పటికే ఒకసారి నోరు జారాను కదా. లేచి లైటు వేసి చాయ్ పెట్టాను. "ఈ టైముకి ఏం చేసేవాళ్లు?" అని అడిగాను.

అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. రెండు గంటలకోసారి మనిషిని పక్కకి తిప్పాలి. ఎడమ పక్క, వెల్లకిలా, కుడి పక్క. మోకాళ్ల మధ్య దిండు, మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద ఇంకో దిండు. తిప్పినప్పుడల్లా నడుం కింద ఎముక దగ్గర టార్చి వేసి చూడాలి. ఎర్రగా కనబడితే వేలితో నొక్కాలి. నొక్కినచోట తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఫర్వాలేదు, ఎర్రదనం అలాగే ఉండిపోతే పుండు మొదలైనట్టు. ఇక ఆ వైపు బరువు పడనివ్వకూడదు. ఒక్కసారే పుండు పడింది, తను జ్వరంతో పడుకున్న మూడు రోజుల్లో. మానడానికి నాలుగు నెలలు పట్టింది. "ఆయన వీపు మీద ఇంకే మచ్చా లేదు బేటీ" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖంలో ఉన్నది గమ్ కాదు, ఫఖర్. పని తెలిసిన మనిషి ఫఖర్.

గొట్టంలో పోసే రాగిజావ సంగతి కూడా చెప్పింది. బట్టలో రెండుసార్లు వడగట్టాలి, లేకపోతే గొట్టం పూడుకుపోతుంది. తలవైపు మంచం ఎత్తి, పిచికారీ గొట్టాన్ని పైకి పట్టుకుంటే జావ దానంతట అదే దిగాలి, నెట్టకూడదు. పోసాక నీళ్లతో గొట్టం కడగాలి. అరగంటైనా ఆయన్ని పడుకోబెట్టకూడదు, జావ వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చివరికి ఆయన్ని తీసుకెళ్లింది న్యుమోనియానే. అంత జాగ్రత్త తీసుకున్నా వచ్చింది. మింగలేని మనిషికి సొంత ఉమ్మే లోపలికి పోతుందని, గొట్టం ఉన్నా దాన్ని పూర్తిగా ఆపలేమని డాక్టర్ చెప్పాడట. ఖాలా విన్నది గానీ దిల్ ఒప్పుకోలేదు. ఆ రోజు అరగంట అయిందా, ఇరవై నిమిషాలకే దించేశానా అని ఇప్పటికీ లెక్కపెట్టుకుంటోంది.

నాలుగు గంటలదాకా మాట్లాడింది. 6 ఏళ్లలో ఆమెని ఇవన్నీ ఎవరూ అడగలేదు. వచ్చినవాళ్లు "భాయ్‌సాబ్ తబియత్ ఎలా ఉంది" అనేవాళ్లు, ఇప్పుడు "సబర్ చేయండి" అంటున్నారు. మధ్యలో చేసిన పని ఎవరికీ కనబడలేదు.

గుసుల్ విషయం కూడా ఆ రాత్రే బయటికొచ్చింది. ఇన్నేళ్లు ఆయన ఒళ్లు తుడిచింది తను. ఆఖరి స్నానానికి మాత్రం మగవాళ్లు వచ్చి తలుపు వేసుకున్నారు. "నీళ్లు వేడిగా పోశారో చల్లగా పోశారో" అంది. ఆయనకి గోరువెచ్చనివే పడేవట. నాకు సిగ్గేసింది. భార్య భర్తకి గుసుల్ ఇవ్వడానికి షరియత్‌లో ఇజాజత్ ఉంది. హజ్రత్ అబూబకర్ రజియల్లాహు అన్‌హుకి ఆయన వసియ్యత్ ప్రకారం గుసుల్ ఇచ్చింది ఆయన భార్య అస్మా బిన్తె ఉమైసే. మనిళ్లలో ఇది తెలీక కాదు, రివాజు లేక అడగరు. ఇవ్వగలిగే ఓపిక ఆ సమయంలో అందరికీ ఉండకపోవచ్చు. కానీ అడగడం వేరు. నీళ్లు పోయకపోయినా, నీళ్ల వేడి చూసి పంపే హక్కైనా ఆమెకి ఉండేది.

నలభై రోజులు దాటాక ఒక మధ్యాహ్నం ఆమె అసలు మాట చెప్పింది. ముందు చిన్నగా మొదలుపెట్టింది. ఆయన్ని దఫన్ చేసిన రాత్రి తను తొమ్మిది గంటలు ఏకధాటిగా నిద్రపోయిందట. ఫజర్ కజా అయిందట. లేచేసరికి ఒళ్లు తేలిగ్గా ఉందట. "మొగుడు ఖబ్రస్తాన్‌లో మొదటి రాత్రి గడుపుతుంటే నేను హాయిగా నిద్రపోయాను. నేనేం ఔరత్‌ని?" అంది.

తర్వాత ఇంకొంచెం ఆగి, రెండేళ్ల కిందటి సంగతి చెప్పింది. ఒక రాత్రి గొట్టం పూడుకుపోయింది. ఆయన ఎడమ చేత్తో దాన్ని పీకేసుకున్నారు. మళ్లీ వేయించడానికి నర్సు పొద్దున్నే గానీ రాదు. అప్పుడే పరుపంతా తడిపేశారు. తను మార్చబోతే అదే చేత్తో చెంప మీద కొట్టారు. ఆయనకి తెలీదు, తెలిసే స్థితి కాదు. ఖాలా పక్క మార్చి, వజూ చేసి, సజ్దాలో పడి అడిగింది: యా అల్లాహ్, ఈయన్ని తీసుకో. లేకపోతే నన్ను తీసుకో.

"నేను అడిగాను, ఆయన తీసుకున్నాడు" అంది ఖాలా. "ఇప్పుడు ఏడిస్తే ఆ ఏడుపు ఝూట్ కదా?"

ఇక్కడ నేను "అయ్యో, అలా అనకండి" అని ఉంటే ఆమె మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోయేది. నాకు ఇల్మ్ తక్కువ. తెలిసినంతలో ఒకటి చెప్పాను. బాధ పడలేక మౌత్ కోరుకోవద్దని రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం అన్నారు, నిజమే. కానీ అంతటితో ఆపలేదు. తప్పనిసరైతే ఎలా అడగాలో కూడా నేర్పారు: బతుకు మేలైనంతవరకు బతికించమని, మౌత్ మేలైనప్పుడు మౌత్ ఇవ్వమని. అంటే అక్కడిదాకా వచ్చేసే మనిషి ఉంటుందని ఆయనకి తెలుసు. మీరు మాట తప్పుగా అడిగితే తౌబా ఉంది. అంతేగానీ మీ దువాతో ఆయన చనిపోయారనుకోవడం, మౌత్ ఎవరి చేతిలో ఉందో మరిచిపోవడం కాదా?

వింది. పెద్దగా కదల్లేదు.

అప్పుడు నాకు ఆ మొదటి రాత్రి గుర్తొచ్చి అడిగాను. "ఖాలా, ఆ సజ్దాలోంచి లేచాక ఏం చేశారు?"

"ఏం చేస్తాను? రెండయింది. ఆయన్ని ఎడమ పక్కకి తిప్పాను."

ఆ మాట తను అనగానే ఇద్దరం ఊరుకున్నాం. తిప్పడం ఆ రాత్రితో ఆగలేదు, ఇంకో రెండేళ్లు సాగింది. తీసుకోమని అడిగిన మనిషే ఆయన వీపు మీద ఎర్రదనం కోసం టార్చి వేసి చూసింది. ఖాలా చాలాసేపు ఏడ్చింది. జనాజా నాడు కూడా అంత ఏడవలేదు. నేను ఆపలేదు.

ఏడ్చి ముఖం కడుక్కుని రొట్టెల సంగతెత్తింది. ప్రతి ముహర్రంలో బారాషహీద్ దర్గా దగ్గరికి చిన్నబ్బాయిని పంపి స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె తెప్పించుకునేది. మురాద్ తీరితే మరుసటి ఏడు మనమే రొట్టె తీసుకెళ్లి ఇంకొకరికి ఇవ్వాలి. (ఇది చేయకూడదనే వాళ్లు మా ఖాందాన్‌లోనే ఉన్నారు. ఆ బహస్ ఇక్కడొద్దు.) ఇచ్చే ఏడు రానేలేదు. "ఎవరి చేతి రొట్టెలో తిన్నాను, ఒక్కటీ తిరిగివ్వలేదు" అని ఈసారి కొంచెం నవ్వింది.

ఇద్దత్‌లో నేను చేసిన పని ఇంకొకటుంది, అది చిన్నదే. ఆమె మోకాళ్లు ఎత్తులు ఎత్తి అరిగిపోయాయి, బీపీ చూపించుకుని ఎన్నాళ్లయిందో ఆమెకే తెలీదు. ఇద్దత్‌లో గడప దాటకూడదని చుట్టాలు అడ్డుపడ్డారు. 6 ఏళ్లు గడప దాటని మనిషికి మళ్లీ గడపే! ఇలాజ్ లాంటి జరూరత్‌కి పగలు వెళ్లి రావచ్చని మసీదు ఇమామ్ సాబ్‌ని అడిగి చెప్పించి తీసుకెళ్లాను. ఆటోలో కూర్చుని ఆమె రోడ్డుని కొత్తగా చూసింది. ఒక దుకాణం ముందు పుదీనా కట్టలు చూసి కొనమంది. ఇంటికొచ్చాక ఆ పుదీనా చూసుకుని మళ్లీ గిల్టీగా కూర్చుంది. వాసన బాగుందని నేనన్నాను, అంతే.

ఇద్దత్ పూర్తయిన రోజు నా చేతికి ఫోన్ ఇచ్చింది. అందులో రాత్రి రెండు గంటల అలారం ఇంకా అలాగే ఉంది. అన్నాళ్లూ రోజూ మోగుతూనే ఉందట.

"తీసేయనా ఖాలా?"

"వద్దు. మూడున్నరకి మార్చు, తహజ్జుద్‌కి."

మార్చాను. మర్నాడు పొద్దున ఫోన్ చేసింది. అలారం మోగిందట గానీ తనకి వినబడలేదట, ఫజర్ అజాన్‌కే మెలకువ వచ్చిందట. చెబుతూ నవ్వింది. "మీ ఖాలూ ఉంటే..." అని ఏదో అనబోయి ఆగిపోయింది. నేను లైన్లోనే ఉన్నాను.