రాత్రికి ఎనభై ఒక్క మెసేజులు

అన్నలూ, మా రొయ్యల చెరువులో డీఓ సెన్సార్ పెట్టించిన సంగతి మీకు తెలుసు. డీఓ 4 పీపీఎం కంటే తగ్గితే "తగ్గింది" అని, దాటితే "సర్దుకుంది" అని ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. నిమిషానికో రీడింగ్.

మొదటి వారంలో ఒక రాత్రి రెండు గంటల నుంచి నాలుగు గంటల లోపు ఎనభై ఒక్క మెసేజులు వచ్చాయి. 3.9, 4.1, 3.8, 4.2... నీళ్లు గీత మీదే ఊగుతున్నాయి. ఇంట్లో అందరికీ నిద్ర పోయింది. విసిగిపోయి మర్నాటి నుంచి ఫోన్ సైలెంట్‌లో పెట్టా. అదే నేను చేసిన తప్పు. రెండు రోజులకి తెల్లవారుజామున కరెంటు పోయి ఏరేటర్లు ఆగాయి. సెన్సార్ బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి మెసేజ్ పంపింది. నేను చూడలేదు. కాపలా ఉండే తమ్ముడు తలుపు కొట్టి లేపేసరికి రొయ్య పైకి తేలిపోయింది. ఉదయం గట్టు పక్కన రెండు గంపలు చచ్చినవి ఏరాం.

తర్వాత సెన్సార్ కుర్రాడితో కూర్చుని సెట్టింగ్ మార్చా. మన వాటర్ ట్యాంక్ ఫ్లోట్ స్విచ్ చూడండి. నీళ్లు బాగా తగ్గితే మోటార్ ఆన్, నిండితే ఆఫ్. మధ్యలో ఒక చెంబు వాడితే మోటార్ లేవదు. ఇక్కడా అంతే, ఒక గీత బదులు రెండు. 4 కిందకి పోతే "తగ్గింది". ఆ తర్వాత 4.8 దాటితేనే "సర్దుకుంది". ఈ మధ్యలో ఎంత ఊగినా నోరు మెదపదు. దీన్ని హిస్టెరిసిస్ అంటారట, పేరు మనకెందుకులెండి.

0.8 తేడా ఎందుకంటే, ప్రశాంతంగా ఉన్న నీటిలోనే మా రీడింగ్ పైకీ కిందకీ 0.3 ఊగుతోంది. అంటే మొత్తం 0.6. తేడా దానికంటే పెద్దదుండాలి. మరీ పెంచితే మబ్బు రోజుల్లో పగలు కూడా "సర్దుకుంది" రాదు. అప్పుడు రాత్రి మళ్లీ పడితే కొత్త మెసేజే రాదు. ఉన్నట్టుండి ఊగుడు ఎక్కువైతే మాత్రం నెంబర్లు మార్చకండి, ముందు సెన్సార్‌కి పట్టిన పాచి కడగండి.

ఇంకోటి, విరామం. డీఓ తక్కువగానే ఉంటే ఇరవై నిమిషాలకి ఒక్కసారే గుర్తు చేస్తుంది. ఇక్కడా దెబ్బ తిన్నా. మొదట మూడు చెరువులకీ కలిపి ఒకే విరామం పెట్టాం. ఒకటో చెరువు మెసేజ్ వచ్చాక రెండోది తగ్గినా ఇరవై నిమిషాలు చెప్పలేదు. ఇప్పుడు ఏ చెరువు విరామం దానిదే. 3 కంటే తగ్గితే విరామం సంగతే చూడకుండా నాకూ తమ్ముడికీ ఫోన్ కాల్ వస్తుంది.

మొన్న మళ్లీ అలాంటి రాత్రే వచ్చింది. మూడంటే మూడు మెసేజులు. మొదటి దానికే లేచి రెండో ఏరేటర్ కూడా వేశా.