పది దినాల మౌనం: మా అల్లుని ముచ్చట

పోయిన నెల నుంచి మా గల్లీలో ఒకటే మాట. "మీ చెల్లెలి కొడుకు జర్మనీ నౌకరీ ఇడిసిపెట్టి సన్యాసం పుచ్చుకున్నడంట గదా?" అని. కిరాణా దుకాణం కాడ అడుగుతున్నరు, గుడి కాడ అడుగుతున్నరు. పిల్లగాడు సన్యాసం పుచ్చుకోలేదు, నౌకరీ ఇడిసిపెట్టలేదు. ఇగత్‌పురిలో పది దినాల విపశ్యన శిబిరానికి పోయి వచ్చిండు, అంతే. అక్కడ ఏం జరిగిందో నాకు చెప్పిండు. పదిమందికీ తెలిస్తే మంచిదని, వాణ్ణి అడిగే రాస్తున్న.

మా అల్లుడు మెకానికల్ ఇంజనీరు. ఐదేండ్ల నుంచి జర్మనీలో ఉన్నడు. మూడు వారాల సెలవు మీద షోలాపూర్ వచ్చిండు. వచ్చినోడు మంచం మీద గూడ నిమ్మళంగ కూర్చోడు. అన్నం తింటుంటే ఎడమ చేతిలో ఫోను. రాత్రి రెండు గంటలకు లేచి ఫోను చూసుకుంటడు. మా చెల్లె నాతో, "అన్నా, పిల్లగానికి ఏమో అయింది" అన్నది. ఆఖరికి వాడే ఒక దినం, "మామా, నేను ఇగత్‌పురి పోతున్న, పన్నెండు దినాలు ఫోను ఉండదు" అన్నడు. ఉన్న మూడు వారాల్లో పన్నెండు దినాలు పోతే ఆ తల్లికి ఎట్లుంటది? రెండు దినాలు వానితో మాట్లాడలేదు.

ఇగత్‌పురి నాసిక్ జిల్లాలో ఘాట్ పైన ఉండే రైల్వే ఊరు. అక్కడ ధమ్మగిరి అని పెద్ద కేంద్రం ఉన్నది. దాన్ని పెట్టింది గోయెంకా గారు. ఆయన బర్మాలో పుట్టిన మార్వాడీ వ్యాపారి. తలనొప్పి రోగంతో ఎంతో బాధపడి, రంగూన్‌లో ఊ బా ఖిన్ అనే గవర్నమెంటు అకౌంట్సు ఆఫీసరు దగ్గర 1955లో ఈ ధ్యానం నేర్చుకున్నడు. 1969లో ఇండియా వచ్చి నేర్పుడు మొదలుపెట్టిండు. బుద్ధుని దారే గాని, ఏ మతమోళ్లయినా పోవచ్చు. తిండికి, పడకకు పైసలు అడగరు. పది దినాలు పూర్తి చేసినోళ్లు, మనసుంటే, వెనక వచ్చేటోళ్ల కోసం ఇచ్చి వస్తరు.

పోయిన దినమే ఫోను, పుస్తకం, పెన్ను అన్నీ జమ చేసుకున్నరు. రాత్రి నుంచి మౌనం. నోటి మాటే కాదు, సైగ చేయొద్దు, ఒకరి కండ్లలోకి ఒకరు చూడొద్దు. కావాలంటే గురువు గారిని అడగొచ్చు, సేవ చేసేటోళ్లకు అవసరం చెప్పొచ్చు. పొద్దున నాలుగింటికి గంట కొడతరు. నాలుగున్నర నుంచి ధ్యానం. ఆరున్నరకు నాష్టా, పదకొండింటికి అన్నం, సాయంత్రం ఐదింటికి చాయ, పండు. అంతే, రాత్రి అన్నం లేదు. ఏడింటికి ప్రవచనం వినిపిస్తరు. తొమ్మిదిన్నరకు దీపాలు బంద్. మొత్తం లెక్కేస్తే దినానికి పది గంటలు కూర్చునుడే. మిల్లు షిఫ్టు కంటె ఎక్కువ!

మొదటి మూడు దినాలు ఒకటే పని. ముక్కు కాడ ఊపిరి వస్తున్నది, పోతున్నది, దాన్ని చూడాలె. ఊపిరిని మార్చొద్దు, మంత్రం చదవొద్దు. వినడానికి సులువే. మా అల్లుడు నాలుగు ఊపిరులు చూసేలోపల మనసు జర్మనీ పోయిందట, అక్కడి నుంచి ఇంటి కిరాయికి, అక్కడి నుంచి చిన్నప్పటి కొట్లాటకు. రెండో దినం ఖాళీ జేబులో ఫోను వణికినట్టు తొడకు తెలిసిందట. చెయ్యి పెట్టి చూసుకుంటే ఏమీ లేదు. ఆ దినమే నాలుగుసార్లు అట్లయిందట.

అది విని నాకు నవ్వు రాలేదు. సాంచాల షెడ్డులో పనిచేసినోళ్లకు ఎరుకే, ఆదివారం ఇంట్ల కూర్చుంటే చెవుల్లో ఆ మోత ఇంకా కొడుతనే ఉంటది. పని దినాల్లో ఆ మోత మనకు తెలవనే తెలవదు. ఆగినప్పుడే తెలుస్తది. వానికీ అట్లనే అయింది.

మూడో దినం మధ్యాహ్నం సంచి సర్దుకున్నడు. పన్నెండు గంటల నుంచి ఒక గంట సేపు గురువు గారిని కలిసి మాట్లాడొచ్చు. పోయి, "నాతోని కాదు, పోతా" అన్నడు. ఆయన తిట్టలేదు, బతిమాలలేదు. "పోవాలె అనిపిస్తున్నది గదా, అది ఒంట్లో ఎక్కడున్నది? ఈ సాయంత్రం దాకా అది చూడు" అన్నడట. వాడు తిరిగి వచ్చి కూర్చున్నడు. చూస్తే నిజంగనే దానికి ఒక జాగ ఉన్నది. రొమ్ము కింద వేడి, ఊపిరి పొట్టిగ, కాలి పిక్కల్లో గుంజుడు. కొంచెంసేపు పెరిగింది, పెరిగి తగ్గింది. మళ్ల వచ్చింది, మళ్ల తగ్గింది. "మామా, ఇన్నేండ్లు అది వచ్చినప్పుడల్లా ఫోను తీసిన. దాని మొహం చూసుడు అదే మొదటిసారి" అన్నడు.

నాలుగో దినం అసలు విపశ్యన నేర్పుతరు. తల నుంచి పాదం దాకా ఒంటి మీద ఏం తెలుస్తున్నదో వరుసగ చూసుకుంట పోవాలె. నొప్పయినా, దురదయినా, హాయి అయినా, కావాలనొద్దు, వద్దనొద్దు. ఆ తర్వాత దినానికి మూడుసార్లు గంట గంట సేపు కాలు, చెయ్యి కదపకుండ, కండ్లు తెరవకుండ కూర్చోవాలె. వానికి ఆరో దినం గాని గంట నిండలేదు.

ఆ దినమే వాళ్ల నాయిన యాదికి వచ్చిండు. మా బావ, నేను ఒకే మిల్లులో పనిచేసినం. రెండేండ్ల కింద ఆయన పోయిండు. పోయే ముందు రాత్రి కొడుక్కు ఫోను చేసిండు. వాడు మీటింగులో ఉండి ఎత్తలేదు. విమానం దొరికి వచ్చేసరికి కట్టె కాలిపోయింది. పదకొండో దినం కాంగనే తిరిగి పోయిండు, అక్కడ పనిలో పడ్డడు. కన్నీళ్లు పెట్టింది మేమెవ్వరం చూడలేదు. "అప్పటి నుంచి, ఫోను చూడకపోతే ఇంకెవరో పోతరు అన్నట్టు ఉండె మామా. అది పని మీద ధ్యాస అనుకున్న" అన్నడు. ఆ గంట అంతా కదలకుండ కూర్చొని ఏడ్చిండట. ఎవరూ ఓదార్చలేదు, ఎవరూ అడగలేదు. వానికి అదే కావాల్సి ఉండె.

పదో దినం పొద్దున మౌనం ఇడిపిస్తరు. పదకొండో దినం పొద్దున ఇండ్లకు పంపుతరు. వాడు ఇంటికి వచ్చి వాళ్లమ్మ పక్కన కూర్చొని నాయిన చివరి దినాల సంగతి మొదటిసారి అడిగిండు. ఆమె రాత్రి పదకొండు దాకా చెప్పింది. పన్నెండు దినాల కోపం అక్కడనే పోయింది.

ఇదంతా మాయ అనుకోకుండ్రి. ఇప్పుడు జర్మనీలో వాడు పొద్దున అరగంట కూర్చుంటడు, కొన్ని దినాలు అదీ కుదరదు. ఫోను మళ్ల చేతిలో ఉన్నది. కాని రాత్రి లేచి చూసుడు తగ్గిందని చెప్పిండు. ఇంకొక మాట. పిచ్చి, గట్టి మానసిక రోగం ఉన్నోళ్లకు ఈ శిబిరం మంచిది కాదని వాళ్లే చెప్తరు, ఫారంలో ఆరోగ్యం సంగతి అడుగుతరు. అక్కడ దాచిపెట్టొద్దు. మందులు తీసుకునే పిల్లలను ముందు డాక్టరుకు చూపించుండ్రి. ఇక గల్లీలో ఎవరన్నా మా చెల్లెను సన్యాసం సంగతి అడిగితే, ఈ పత్రిక చేతిలో పెట్టమని చెప్పిన.