కొక్కెం

కంచిలిలో మా తాతగారి పెంకుటిల్లు ఇప్పుడు లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు దాని పైకప్పు పోయింది. నా దగ్గర మిగిలింది 2017 సంక్రాంతికి ఫోనుతో తీసిన ఒక్క ఫొటో, నడింటిది. దాన్ని పెద్దది చేసి ఫ్రేము కట్టించమంది అమ్మ. "ఆ ఫేను, ఆ వైర్లు, ఆ ట్యూబులైటూ తీసీరా. నా సిన్నప్పుడు అవేటీ లేవు," అంది.

రెండు గంటల పని అనుకున్నాను. నాలుగు వారాంతాలు పట్టింది.

వైర్లు ముందు తీశాను. స్విచ్‌బోర్డు నుంచి దూలం మీదకి, అక్కడి నుంచి టీవీ వైపు వేలాడుతున్న తీగలు. జింప్‌లో `Heal` తీసుకుని, బ్రష్షు తీగ కంటే కొంచెం వెడల్పుగా పెట్టి, ముక్కలు ముక్కలుగా రుద్దితే గోడ మీద తీగ మాయమైపోతుంది. కానీ తీగ వాసాన్ని దాటే చోట అదే పనిముట్టు దెబ్బతీసింది. `Heal` చుట్టుపక్కల రంగును కలుపుకుంటుంది. కాబట్టి వాసం నలుపు పక్కన ఉన్న పెంకు ఎరుపులోకి కారి మురికి మరకైంది. అంచుల దగ్గర `Clone`, ఖాళీ మైదానంలో `Heal` అని విడదీసుకున్నాక అది కుదిరింది.

ఫ్యాను అసలు కష్టం. దాని వెనక నాలుగు వాసాల భాగం దాక్కుంది. వాసాలు నిజంలో సమాంతరంగా ఉన్నా ఫొటోలో దూరం వెళ్తూ సన్నబడి దగ్గరవుతాయి. ముందున్న వాసాన్ని కాపీ చేసి వెనక అతికిస్తే అది లావుగా, ఎవరో కొత్తగా తెచ్చి పెట్టినట్టు కనిపించింది. `Perspective Clone` ఆ సన్నబడటాన్ని చూసుకుంటుంది. అయినా తృప్తి లేదు. ఫ్యానుకి అటూ ఇటూ కనిపించే కొసల్ని గీతతో కలిపాను. గీత మరీ తిన్నగా వచ్చింది. అవి తాటి వాసాలు. తిన్నగా ఉండవు.

దారి ఫ్యానే చూపించింది. ఫొటో తీసేటప్పుడు అది తిరుగుతోంది. నిమిషానికి 300 చుట్లనుకుంటే, సెకనులో ముప్పయ్యో వంతులో ఒక్కో రెక్క 60 డిగ్రీలు కదులుతుంది. అంటే రెక్క ఏ చోటునీ పూర్తిగా కప్పలేదు. పల్చటి పొరలా పరుచుకుంది. ఆ పొర మీద కాంట్రాస్టు పెంచితే వెనక వాసాల నీడలు లీలగా తేలాయి. మూడోది మధ్యలో కొద్దిగా వంగి ఉంది. ఆ వంపు మీదుగానే గీశాను. ఊహించింది కాదు, అక్కడ ఉన్నదే.

పెంకుల దగ్గర నా తప్పు నేనే పట్టుకున్నాను. ఫొటోని అద్దంలోలా తిప్పి చూస్తే, ఒకే పొగమరక మూడు పెంకుల మీద కనిపించింది. ఒకే చోటు నుంచి కాపీ చేసినందుకు గుర్తు అది. రెండు మరకలు వేరే పెంకుల నుంచి తెచ్చి మార్చాను.

ట్యూబులైటుని తీయడం తేలికే, దాని వెలుగుని తీయడమే సాధ్యం కాలేదు. ట్యూబు చుట్టూ గోడ తెల్లగా కాలిపోయింది. అక్కడ పిక్సెళ్లలో సున్నం గీతలూ లేవు, రంగూ లేదు. చుట్టూ రంగుని నెమ్మదిగా లోపలికి దించాను. నున్నటి దించుడు మెట్లు మెట్లుగా విరిగింది. మిగతా ఫొటోలో ఉన్నంత నలుసుని మీద చల్లితే మెట్లు పోయాయి. కానీ వాసాల నీడలన్నీ ఇంకా ఆ లేని ట్యూబు నుంచే పుడుతున్నాయి. కిటికీ వెలుగు ఇంకో దిక్కు నుంచి వస్తోంది. దగ్గరి నీడల్ని కొంత పల్చబరిచి ఆపేశాను. మొత్తం మార్చాలంటే ఆ గదికి ఇంకో రోజుని తయారు చెయ్యాలి.

అమ్మకి చూపించాను. చాలాసేపు చూసింది.

"బావుందిరా. మరి కొక్కెం ఏటైపోనాది?"

"ఏ కొక్కెం?"

"దూలానికి ఉండీది. దానికే మీ మావయ్యకీ నాకూ ఉయ్యాలేసినారు, తరవాత నీకూ ఏసినాం. ఫేను దానికే తగిలించినారు."

ఫ్యాను కప్పు కింద దాక్కున్న ఇనప కొక్కేన్ని నేను చూడనే లేదు. దూలం చెక్కని పక్క నుంచి తెచ్చి, నున్నగా పూడ్చేశాను. ఫ్యానుతో పాటు, ఫ్యాను కంటే ముందు నుంచీ ఉన్నదాన్ని కూడా చెరిపేశానన్న మాట.

మావయ్యకి ఫోన్ చేశాను. దూలం పెరట్లో పడి ఉందట, కొక్కెంతో సహా. మబ్బు పట్టిన పూట, నేల మీద కూర్చుని, కింద నుంచి పైకి తీయమన్నాను. దూలం ఒక కొస రాయి మీద ఎత్తి, మూడోసారికి సరైన కోణంలో తీసి పంపాడు. దాన్ని కత్తిరించి, చిన్నది చేసి, కిటికీ వైపు కాస్త వెలుగు, రెండో వైపు నీడ పెట్టి అతికించాను. తుప్పు మాత్రం ఇప్పటిదే. దాన్ని మార్చలేదు.

ఫ్రేము అమ్మ గదిలో ఉంది. ట్యూబు లేకపోయినా దాని నీడలు ఉన్నాయని ఆవిడ ఇంతవరకూ అనలేదు.