మాదాపూర్‌కా, వీడియోకా?

మంగళవారం సాయంత్రం ఆరింటికి మెయిల్ వచ్చిందనుకుందాం: గురువారం ఉదయం పదిన్నరకు మాదాపూర్ ఆఫీసులో ఇంటర్వ్యూ. అందుకున్న అమ్మాయి ఉండేది శ్రీకాకుళంలో. బుధవారం సాయంత్రం విశాఖలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో దిగొచ్చు. కానీ తత్కాల్ ఒకరోజు ముందే ఇస్తారు, ఏసీకి పదింటికి, స్లీపర్‌కు పదకొండింటికి. అంటే మెయిల్ వచ్చేసరికే ఆ ముచ్చట ముగిసింది.

వీడియో ఇంటర్వ్యూ అడగడమే దారి. అయితే చాలామంది ఇక్కడే తడబడతారు. క్షమాపణతో మొదలుపెట్టి, టికెట్ దొరకలేదని, ఖర్చెక్కువని, ఇంట్లో పనులున్నాయని ఏకరువు పెడతారు. ఇంకొందరు లేని జ్వరం తెచ్చుకుంటారు. ఈ చివరిది శుద్ధ దండగ. జ్వరమంటే తేదీ మారుస్తారు తప్ప పద్ధతి మార్చరు.

రిక్రూటర్ భయం దూరం గురించి కాదు. తెర అవతల కూర్చున్నది అసలు మనిషేనా, పక్కనుంచి ఎవరైనా జవాబులు అందిస్తున్నారా అన్నదే అనుమానం. కనీసం ఒక రౌండైనా ముఖాముఖి ఉండాలని గూగుల్ సీఈఓ సుందర్ పిచాయ్ 2025లో చెప్పింది కూడా ఈ ధోరణిలోనే. పైగా నిర్ణయం చాలాసార్లు రిక్రూటర్ చేతిలో ఉండదు. అభ్యర్థి రాసిన మెయిల్‌ను రిక్రూటర్ ఇంటర్వ్యూ చేసే మేనేజర్‌కు పంపి అడగాలి. కాబట్టి రాసింది ఉన్నదున్నట్టు ముందుకు పంపేలా ఉండాలి.

ఇంటర్వ్యూకు పిలిచిన మెయిల్‌కే, ఆ సాయంత్రమే జవాబు వెళ్లాలి. అది ఇంగ్లీషులోనే రాస్తారు గానీ, సారం ఇది:

“గురువారం పదిన్నరకు నేను సిద్ధం. ప్రస్తుతం శ్రీకాకుళంలో ఉన్నాను. హైదరాబాద్‌కు రాత్రంతా ప్రయాణం, రేపటి రైళ్లలో రిజర్వేషన్ దొరకలేదు. అదే సమయానికి ఈ రౌండ్ వీడియోలో పెట్టడానికి వీలవుతుందా? కెమెరా ఆన్‌లో ఉంటుంది, గుర్తింపు కార్డు చూపిస్తాను. తర్వాతి రౌండ్‌కు మూడు నాలుగు రోజుల ముందు చెబితే ఆఫీసుకే వస్తాను.”

ఇందులో మొదటి వాక్యమే కీలకం. సమయం మార్చమనడం లేదు కాబట్టి ప్యానెల్‌లో ఎవరి క్యాలెండరూ కదపక్కర్లేదు. ఆఫీసుకు వస్తానన్న మాట మాత్రం నిలబెట్టుకోగలిగితేనే రాయాలి. ఎంపికైతే హైదరాబాద్‌కు మారడానికి సిద్ధమైతే ఆ ముక్కా చేర్చాలి. దూరం అనగానే “ఉద్యోగమిచ్చినా వస్తుందా?” అన్న సందేహం ఎటూ తలెత్తుతుంది.

బుధవారం పదకొండుకల్లా జవాబు రాకపోతే ఒక్కసారి ఫోన్ చేయాలి. ఆలోగా ఆ రాత్రి బస్సులో సీటు కూడా చూసిపెట్టుకోవడం మంచిది. కుదరదంటే, బస్సూ దొరకకపోతే, వచ్చే వారంలో రెండు తేదీలు రాసి ఆఫీసుకే వస్తానని చెప్పాలి. నేరుగానే చూడాలని పట్టుబట్టే కంపెనీని మళ్లీ వీడియో అని బతిమాలకండి.